నడిచే షాట్‌కి ఏది తీసుకెళ్లాలి: ట్రైపాడా, చెయ్యా, గింబలా, షోల్డర్ రిగ్గా?

నడుస్తూ తీసే షాట్ అనగానే ఈమధ్య అందరూ ముందు గింబల్ గురించే అడుగుతున్నారు, ఏ మోడల్ తీసుకోవాలి, ఎంత బరువు ఆపుతుంది అని. నన్నడిగితే అది తర్వాత అడగాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సింది మన షాట్‌లో ఏ రకం షేక్ వస్తోంది, అందులో ఏది పోవాలి, ఏది ఉంటేనే బాగుంటుంది అనేది. ఎందుకంటే ఈ నాలుగూ ఒకే షేక్‌ని తగ్గించవు, ఒక్కోటి ఒక్కో రకాన్ని ఆపి ఇంకో రకాన్ని వదిలేస్తుంది, ఆ మిగిలిపోయిన షేకే చూసేవాళ్లకి మూడ్‌గా తగులుతుంది.

నడకలో కెమెరాకి వచ్చే కదలిక ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి తిరిగేది, అంటే కెమెరా ముక్కు పైకీ కిందకీ పక్కకీ వంకరపోవడం, హారిజాన్ అటూ ఇటూ ఒరగడం. రెండోది ఎగిరేది, అంటే కెమెరా తిన్నగానే ఉంటుంది కానీ మనం వేసే ప్రతి అడుగుకీ మొత్తంగా కొన్ని సెంటీమీటర్లు లేచి దిగుతుంది. దీన్నే సెట్లో బౌన్స్ అంటారు. మామూలు నడకలో సెకనుకి దాదాపు రెండు అడుగులు పడతాయి కాబట్టి ఈ బౌన్స్ కూడా సెకనుకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి కంట్లో పడిందంటే ఇక అదే కనిపిస్తూ ఉంటుంది.

ఈ రెండిటికీ తేడా తెలియకపోతే డబ్బులు తప్పు చోట పోతాయి కాబట్టి కొంచెం లెక్క వేసి చెప్తా. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎంఎం లెన్స్ పెట్టి ఒక మనిషి వెనక 2 మీటర్ల దూరంలో నడుస్తున్నాం అనుకోండి, ఆ దూరంలో మన ఫ్రేమ్ ఎత్తు దాదాపు 1.7 మీటర్లు ఉంటుంది. కెమెరా 4 సెంటీమీటర్లు లేచి దిగితే 1080 వీడియోలో ఆ మనిషి సుమారు 25 పిక్సెల్స్ కదులుతాడు, కానీ అదే ఫ్రేమ్‌లో 10 మీటర్ల అవతల ఉన్న గోడ 5 పిక్సెల్సే కదులుతుంది. అంటే మనిషీ గోడా వేరువేరుగా ఊగుతాయి. అదే కెమెరా ఒక్క డిగ్రీ తలూపితే దగ్గరున్నదీ దూరమున్నదీ అన్నీ కలిసి ఒకేలా దాదాపు 22 పిక్సెల్స్ కదులుతాయి, 50 ఎంఎం లెన్స్ అయితే దానికి రెట్టింపు, 85 అయితే 80 పిక్సెల్స్ దాకా పోతుంది.

దీనివల్ల ఒక మంచి పరీక్ష దొరుకుతుంది. ఫుటేజ్‌లో ఏ షేక్ ఉందో తేలకపోతే టైమ్‌లైన్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ దగ్గరున్న ఒక వస్తువుని, దూరంగా ఉన్న ఒక కరెంటు స్తంభాన్నో గోడ అంచునో కలిపి చూడండి. రెండూ కలిసి కదిలితే అది తిరిగే షేక్, గింబల్ గానీ కెమెరాలోని స్టెబిలైజేషన్ గానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గానీ దాన్ని బాగా తగ్గిస్తాయి. దగ్గరది ఎక్కువ, దూరంది తక్కువ కదిలితే అది బౌన్స్, దాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేయలేదు, ఎందుకంటే మనిషిని నిలబెడితే గోడ ఊగుతుంది, గోడని నిలబెడితే మనిషి ఊగుతాడు. ఇక్కడ పనికొచ్చేది మీ కాళ్లూ, మీ లెన్సూ, మీకూ ఆర్టిస్ట్‌కీ మధ్య దూరమూ, అంతే.

ఇప్పుడు గింబల్ సంగతి చూద్దాం. మూడు మోటార్లు మూడు అక్షాల్లో తిరుగుడుని ఆపుతాయి, అందులో దానికి తిరుగులేదు. బౌన్స్‌ని మాత్రం అది ఆపదు. ఆపడానికి అందులో స్ప్రింగ్ ఏదీ లేదు, మన మోచేతులూ మోకాళ్లే స్ప్రింగ్. 1970లలో గ్యారెట్ బ్రౌన్ తయారుచేసిన స్టెడీక్యామ్‌కి ఒంటికి కట్టుకునే వెస్టూ దానికి స్ప్రింగులున్న ఆర్మూ ఉండేది సరిగ్గా ఈ బౌన్స్ కోసమే. మన దగ్గర 1989లో శివ వచ్చాక స్టెడీక్యామ్ పేరు అందరికీ తెలిసింది, చేత్తో పట్టుకునే ఇప్పటి గింబల్‌ని చాలామంది దానికి చిన్న రూపం అనుకుంటారు కానీ ఆ ఆర్మ్ లేకపోవడమే అసలు తేడా. అందుకే గింబల్ కొన్న కొత్తలో అందరూ ఒకటే అంటారు, హారిజాన్ భలే తిన్నగా ఉంది కానీ మనిషి మాత్రం పైకీ కిందకీ తేలుతున్నాడు, పడవలో కూర్చుని తీసినట్టుంది అని. మోటార్ లోపం కాదది, నడక.

నడక సరిచేసుకోవాలంటే మోకాళ్లు కొంచెం వంచి, అడుగులు చిన్నవి చేసి, మడమ ముందు పెట్టి నెమ్మదిగా వేళ్ల మీదకి బరువు జార్చాలి, మోచేతులు ఒంటికి ఆనించకుండా కొంచెం ఎడంగా ఉంచాలి. తొడలు నొప్పి పెడుతున్నాయంటే సరిగ్గా చేస్తున్నట్టే. ఇంకో కిటుకు ఉంది, ఆర్టిస్ట్ అడుగుతో మన అడుగు కలపడం. ఆ మనిషి కూడా నడిచేటప్పుడు లేచి దిగుతాడు కదా, ఇద్దరూ ఒకేసారి లేచి ఒకేసారి దిగితే ఫ్రేమ్‌లో మనిషి దాదాపు నిలకడగా ఉంటాడు, వెనకున్న గోడ ఊగినా అది దూరంగా ఉంటుంది కాబట్టి తక్కువే కనిపిస్తుంది. ఇద్దరి అడుగులూ ఎదురెదురు పడ్డాయంటే మాత్రం బౌన్స్ రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. ఈ కిటుకు గింబల్‌కే కాదు, చేతిలో పట్టుకున్నా షోల్డర్ మీద పెట్టుకున్నా ఇంతే పనిచేస్తుంది.

బ్యాలెన్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గింబల్ ఫుటేజ్‌లో వచ్చే సన్నని వణుకు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. పవర్ ఆఫ్‌లో ఉంచి, బ్యాటరీ, కార్డ్, కేబుల్ అన్నీ కెమెరాకి పెట్టేసి, లెన్స్ క్యాప్ తీసేసి, జూమ్ లెన్స్ అయితే ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీయబోతున్నారో అక్కడ పెట్టి అప్పుడు ఒక్కో అక్షం బ్యాలెన్స్ చేయాలి, కెమెరాని ఎటు వంచి వదిలితే అటే ఆగిపోవాలి, జారకూడదు. జారుతున్నా పర్లేదులే మోటార్ చూసుకుంటుంది అని ఆన్ చేస్తే మోటార్ జుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఫ్రేమ్‌లో సన్నటి కంపనం వస్తుంది. బ్యాలెన్స్ బాగున్నా ఆ కంపనం ఉందంటే మోటార్ స్టిఫ్‌నెస్ ఎక్కువ పెట్టి ఉంటారు, కొంచెం తగ్గించండి. షూట్ మధ్యలో 28-75 లాంటి లెన్స్‌ని 28 నుంచి 75కి లాగితే ముందుభాగం బయటికొస్తుంది, బరువు ముందుకి పోతుంది, మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇక మూడ్. గింబల్ షాట్‌లో మిగిలేది నున్నటి తేలుడు. దానివల్ల కెమెరా ఒక మనిషిలా అనిపించదు, ఎవరిదీ కాని చూపులా అనిపిస్తుంది. కొత్త చోటుని పరిచయం చేసేటప్పుడూ, పెళ్లి మంటపంలోకి తీసుకెళ్లేటప్పుడూ, పాటలోనూ, కలలాంటి సీన్‌లోనూ అది చాలా అందంగా పనిచేస్తుంది. కానీ భయపడి నడిచే మనిషిని గింబల్‌తో ఫాలో అయితే భయం సగం పోతుంది, ఎందుకంటే ఆ మనిషి గుండె కొట్టుకుంటుంటే కెమెరా మాత్రం ప్రశాంతంగా జారుతుంటుంది. హారర్‌లో అదే ప్రశాంతత వెనక ఎవరో వస్తున్నారనిపించేలా చేస్తుంది, అది వేరే సంగతి, అక్కడ ఆ లక్షణాన్ని కావాలని వాడుకుంటారు.

చేత్తో పట్టుకుని నడవడం గురించి జనంలో ఒక తప్పు అభిప్రాయం ఉంది, కెమెరా తేలికగా ఉంటే షేక్ తక్కువ అని. నిజానికి తిరగేసి ఉంటుంది. ఉత్త కెమెరా బాడీ లెన్సూ కలిపి ముప్పావు కేజీ ఉంటే వేళ్లలో వచ్చే ప్రతి చిన్న కదలికా దానికి తగులుతుంది, ఆ చిన్న చిన్న వణుకులే ఇంటి వీడియోలా కనిపించేలా చేసేవి. అదే కెమెరాకి కేజ్ వేసి, పైన హ్యాండిల్ పెట్టి, ఒక మానిటర్ తగిలించి రెండు కేజీల దగ్గరకి తెస్తే ఆ సన్నవణుకు చాలా తగ్గిపోతుంది, నెమ్మదైన ఊపు మాత్రం మిగులుతుంది, అది కంటికి బాగానే ఉంటుంది. కేజ్ లేకపోతే మెడలో పట్టీ వేసుకుని కెమెరాని ముందుకి నెట్టి పట్టీ బిగుసుకునేలా పట్టుకోండి, మెడ, రెండు చేతులు కలిపి మూడు చోట్ల ఆనుకుంటుంది కాబట్టి చాలా తేడా వస్తుంది. పై హ్యాండిల్ పట్టుకుని నడుము ఎత్తులో వేలాడదీసి నడిస్తే వంచిన మోచెయ్యి కొంత స్ప్రింగ్‌లా పనిచేసి బౌన్స్‌ని కూడా మింగుతుంది, కాళ్లని ఫాలో అయ్యే షాట్‌కి ఇదే సులువు.

కెమెరాలో ఇన్-బాడీ స్టెబిలైజేషన్ ఉంటే చేత్తో తీసేవాళ్లకి పెద్ద సాయం, కానీ వైడ్ లెన్స్‌తో నడిచేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. 16, 20 ఎంఎం లాంటివాటితో నడిస్తే మధ్యలో నిలకడగా ఉండి మూలలు మాత్రం జెల్లీలా సాగుతూ ఊగుతాయి. సెన్సర్ జరిగి సరిచేసేది మధ్యభాగానికి సరిపోతుంది, వైడ్ లెన్స్ అంచుల్లో బొమ్మ వేరేలా సాగి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ సర్దుబాటు సరిపోదు. తలుపు చట్రాలూ గోడ అంచులూ ఫ్రేమ్ మూలల్లో ఉంటే ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 28 లేదా 35కి వెళ్తే చాలావరకు పోతుంది. సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి తీసేవాళ్లు, అంటే కెమెరా గైరో డేటా రికార్డ్ చేస్తే Gyroflow లాంటిదాంతో సరిచేద్దాం అనుకునేవాళ్లు షట్టర్ మామూలుగా పెట్టే 1/50 కాకుండా 1/100 పైన పెట్టుకోవాలి, లేకపోతే బొమ్మ నిలబడుతుంది కానీ అడుగు పడినప్పుడల్లా బ్లర్ వచ్చి పోతూ ఉంటుంది, అది షేక్ కంటే చిరాకు.

చేతిలో పట్టుకున్న షాట్‌లో మిగిలేది ఊపిరి. పక్కనే ఇంకో మనిషి ఉన్నాడు, వాడు కూడా నడుస్తున్నాడు అనిపిస్తుంది. గొడవ, తొందర, దుఃఖం, ఇరుకు ఇల్లు, ఇలాంటి చోట్ల దీనికి మించింది లేదు. 50 ఎంఎం దాటి చేత్తో నడవడం మాత్రం నేను వద్దంటాను, తిరిగే షేక్ లెన్స్‌తో పాటు పెరుగుతుందని పైన చూశాం కదా.

షోల్డర్ రిగ్ చేతికీ గింబల్‌కీ మధ్యరకం అనుకుంటారు, అది కూడా సరి కాదు. అది సన్నవణుకుని మిగతా రెండు పద్ధతులకంటే సహజంగా చంపుతుంది, బరువు భుజం మీద ఉంటుంది, రెండు చేతులు ముందు పట్టుకుంటాయి. కానీ మొండెంతో పాటే కదులుతుంది కాబట్టి బౌన్స్ మొత్తం కెమెరాకి వస్తుంది, చేతిలో ఉన్నప్పుడు మోచెయ్యి మింగేది కూడా ఇక్కడ మింగదు. దాంతో పాటు అడుగు మారినప్పుడల్లా ఒంటి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది కదా, ఆ పక్కఊపు కూడా కనిపిస్తుంది. అందుకే షోల్డర్ రిగ్‌తో 60 మీటర్లు ఆపకుండా ఫాలో అవ్వడం కంటే నాలుగడుగులు వేసి ఆగి, మాట్లాడించి, మళ్లీ నాలుగడుగులు వేసే షాట్లు బాగా వస్తాయి. న్యూస్ కెమెరావాళ్లు ఏళ్ల తరబడి భుజం మీదే ఎందుకు మోశారంటే వాళ్ల పని సరిగ్గా అదే, పరిగెత్తి వెళ్లి ఆగి పట్టుకోవడం. మనకి కూడా ఆ చూపు అలవాటైపోయింది, భుజం మీది ఊపు చూడగానే ఇది నిజంగా జరుగుతోంది, ఎవరో అక్కడ నిలబడి చూస్తున్నారు అనిపిస్తుంది.

మిర్రర్‌లెస్ కెమెరా పెట్టుకునేవాళ్లు రిగ్ విషయంలో ఒకటి గమనించండి. చిన్న కెమెరా భుజానికి ముందు, కంటి ఎదురుగా వస్తుంది, వెనక ఏమీ ఉండదు, మొత్తం బరువు ముందుకి లాగుతుంది, పది నిమిషాల్లో చేతులు లాగేస్తాయి. వెనకవైపు వీ-మౌంట్ బ్యాటరీయో, అది లేకపోతే ఒక బరువో తగిలించాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి భుజం మీద పెట్టుకుని రెండు చేతులూ వదిలి చూడండి (కింద ఇంకో మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఉండాలి), ముందుకి దొర్లకుండా నిలబడితే సరిపోయినట్టు. బరువు పెరిగిందే అని భయపడక్కర్లేదు, ఆ బరువే షేక్‌ని తగ్గించేది.

ట్రైపాడ్‌ని నడిచే షాట్ల లిస్టులో చూసి కొంతమంది ఆశ్చర్యపోతారు. నడవాల్సింది ఆర్టిస్ట్, కెమెరా కాదు అని గుర్తుపెట్టుకుంటే మన నడిచే షాట్లలో చాలావాటికి ట్రైపాడే మంచి సమాధానం అని తెలుస్తుంది. ఒక్క షాట్ దగ్గర్నుంచి చూపిస్తా. 100 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ కంటి ఎత్తులో, ఆర్టిస్ట్ 20 మీటర్ల అవతల నుంచి కెమెరా వైపే నడిచొస్తోంది. ఆ దూరంలో ఫ్రేమ్ ఎత్తు 4 మీటర్లు, కాబట్టి ఆవిడ ఫ్రేమ్‌లో నలభై శాతం ఎత్తులో నిలువెల్లా కనిపిస్తుంది, చుట్టూ వీధి ఉంటుంది. మామూలు నడకలో 12, 13 సెకన్లలో 5 మీటర్ల దగ్గరకి వచ్చేస్తుంది, అప్పుడు ఫ్రేమ్ ఎత్తు ఒక్క మీటరే, అంటే నడుం పైనుంచి మాత్రమే కనిపిస్తుంది. కట్ లేదు, కెమెరా కదల్లేదు, వైడ్‌తో మొదలై మిడ్ షాట్‌తో ముగిసింది. పైగా మొదటి ఏడెనిమిది సెకన్లలో ఎంత నడిచినా పెద్దగా దగ్గరకొచ్చినట్టు అనిపించదు, చివర్లో ఒక్కసారిగా పెరిగిపోతుంది, ఎదురుచూపు ఉన్న సీన్‌కి ఇంతకంటే ఏం కావాలి.

ఇందులో జాగ్రత్త పడాల్సింది ఫోకస్ దగ్గర. వీధిలో మధ్యలోంచి బైక్ పోతే ఆటోఫోకస్ ఆ బైక్‌ని పట్టుకుని పోతుంది, మెనూలో ఆటోఫోకస్ ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి ఎంత తొందరగా మారాలో పెట్టే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తగ్గించి ముఖం గుర్తింపు ఆన్‌లో ఉంచండి. పక్కకి నడిచే మనిషిని ప్యాన్‌తో ఫాలో అవ్వాలంటే ట్రైపాడ్ తల లెవెల్‌లో ఉండాలి, బుడగ చూసుకోకుండా మొదలుపెడితే ప్యాన్ మొదట్లో తిన్నగా ఉన్న హారిజాన్ చివరికి ఒరిగిపోతుంది. నిలబడే తీరు కూడా ముఖ్యం, షాట్ ఎక్కడ ముగుస్తుందో అటువైపు పాదాలు పెట్టి, నడుం మెలితిప్పి మొదలుకి రావాలి, అప్పుడు ప్యాన్ సాగేకొద్దీ ఒళ్లు వదులవుతుంది, చివర్లో కుదుపు రాదు. ట్రైపాడ్ మూడ్ అంటే దూరం నుంచి చూడటం. ఆ మనిషి ఒంటరితనం, ఊరి మధ్యలో చిన్నగా కనిపించడం, ఇవి దీంతోనే వస్తాయి. ఇంకో లాభం, 20 మీటర్ల దూరం నుంచి తీస్తే వీధిలో జనం కెమెరా వైపు చూడరు, గింబల్ పట్టుకుని వెనక నడిస్తే మాత్రం ప్రతివాడూ తిరిగి చూస్తాడు, పిల్లలు వెంటపడతారు.

బరువు విషయం పెళ్లిళ్లు తీసేవాళ్లకి బాగా అర్థమవుతుంది. సోనీ ఏ7 IV లాంటి బాడీ 658 గ్రాములు, 28-75 ఎఫ్2.8 లెన్స్ అర కేజీ పైన, కలిపి దాదాపు 1.2 కేజీ. దాన్ని మోసే గింబల్ ఇంకో 1.3 కేజీ వేసుకోండి, మొత్తం రెండున్నర కేజీలు. వినడానికి తక్కువే కానీ అది ఒంటికి దూరంగా, చాచిన చేతుల్లో ఉంటుంది. నాలుగు కేజీల షోల్డర్ రిగ్ ఎముక మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని మోసే మనిషి గింబల్ మనిషి కంటే ఎక్కువసేపు నిలబడగలడు. గింబల్ పట్టుకుని పది పదిహేను నిమిషాలు దాటితే మోచేతులు మెల్లగా ఒంటికి ఆనుకుంటాయి, స్ప్రింగ్ పోతుంది, బౌన్స్ వచ్చేస్తుంది, తీసేవాళ్లకి తెలియను కూడా తెలియదు, ఎడిటింగ్‌లో చూస్తే మొదటి షాట్లు నున్నగా, తర్వాతవి ఎగురుతూ కనిపిస్తాయి. అందుకని పెళ్లిలో రోజంతా గింబల్ మీద వేసుకోవద్దు, ఏయే నిమిషాలకి కావాలో ముందే రాసుకోండి.

ఉదాహరణకి పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మంటపానికి మోసుకొచ్చే షాట్. మళ్లీ చేయించలేం, దారి ఇరుకు, వెనక్కి నడుస్తూ తీయాలి, మోసేవాళ్లు కూడా ఊగుతుంటారు. ఇక్కడ గింబల్ సరైనది, 24 నుంచి 28 ఎంఎం, మూడు మీటర్ల దూరం, అసిస్టెంట్ మన బెల్ట్ వెనక పట్టుకుని దారి చూపించాలి, ఫంక్షన్ హాల్లో కార్పెట్ అంచులూ లైటు వైర్లూ ఎక్కడున్నాయో ముందే ఒకసారి నడిచి చూసుకోవాలి. అదే పెళ్లిలో అప్పగింతలప్పుడు మాత్రం గింబల్ పక్కన పెట్టండి. తండ్రి ఏడుస్తూ కారు దాకా నడుస్తుంటే చుట్టూ నున్నగా తిరిగే కెమెరా ఆ ఏడుపుకి బయట నిలబడినట్టు ఉంటుంది. 35 ఎంఎం, చేతిలో కెమెరా, స్టెబిలైజేషన్ ఆన్, వాళ్లతో పాటు నడవండి చాలు. క్విక్ రిలీజ్ ప్లేట్ గింబల్‌కీ కేజ్‌కీ ఒకటే ఉండేలా చూసుకుంటే ఈ మార్పుకి అర నిమిషం పట్టదు.

ఇప్పుడు ఒక షార్ట్ ఫిల్మ్ సీన్ తీసుకుని నాలుగిటినీ అందులో పెట్టి చూద్దాం. తెల్లారుజామున బస్సు దిగిన ఒక అమ్మాయి కాలనీ గల్లీలో 60 మీటర్లు నడిచి చాలా ఏళ్ల తర్వాత పుట్టింటి గేటు దగ్గరకి వస్తుంది. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా వచ్చింది. సీన్ మొత్తం 40 సెకన్లు. గల్లీ రెండు పక్కలా బైకులు పార్క్ చేసి ఉన్నాయి, మధ్యలో ఒకరు నడిచేంత దారే ఉంది. చేతిలో ఒక ఫుల్ ఫ్రేమ్ కెమెరా, ముగ్గురే మనుషులు.

మొత్తం 60 మీటర్లూ గింబల్‌తో వెనకే ఫాలో అవ్వొచ్చు, చాలామంది అదే చేస్తారు, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ ఆ షాట్ గల్లీని చూపిస్తుంది, అమ్మాయి తడబాటుని చూపించదు. పైగా ఆవిడ గేటు దగ్గర ఆగగానే గింబల్ కూడా ఠక్కున నిశ్చలం అయిపోతుంది, అప్పటిదాకా తేలిన కెమెరా ఒక్కసారి ట్రైపాడ్ అయినట్టు ఉంటుంది, ఆ క్షణంలో ఏ ఊపిరీ ఉండదు. మలుపులో ఇంకో చిక్కు, ప్యాన్ ఫాలో స్పీడ్ తక్కువ పెట్టి ఉంటే ఆవిడ తిరిగేసరికి కెమెరా వెనకబడి మనిషి ఫ్రేమ్ అంచుకి పోతుంది, కాబట్టి ఆవిడ తిరగడానికి ఒక అడుగు ముందే మనం హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాలి.

నేనైతే ఇలా విడగొడతాను. మొదటి 12 సెకన్లు ట్రైపాడ్, 100 ఎంఎం, గల్లీ చివర నుంచి పైన చెప్పిన షాటే, ఊరు ఇంకా నిద్రలో ఉంది, ఆవిడ ఒక్కతే వస్తోంది. తర్వాత 15 సెకన్లు వెనక నుంచి చేత్తో, 35 ఎంఎం, రెండున్నర మీటర్ల దూరం, ఆవిడ అడుగుతో అడుగు కలిపి. అక్కడ ఫ్రేమ్ ఎత్తు దాదాపు 1.45 మీటర్లు, భుజం, జడ, చేతిలో బ్యాగు, ఇటూ అటూ బైకుల అద్దాలు వస్తాయి. ఆ బైకుల అద్దాలు కెమెరాకి అర మీటరు దూరంలోంచి పోతాయి కాబట్టి బౌన్స్ ముందు వాటిలోనే కనిపిస్తుంది, మరీ ఎక్కువ అనిపిస్తే రెండు బైకులు జరిపించండి, అది ఏ పరికరం కంటే చవక. చివరి 13 సెకన్లు గేటు దగ్గర షోల్డర్ రిగ్, 50 ఎంఎం, ఆవిడ పక్క నుంచి రెండడుగులు ఫాలో అయ్యి ఆగిపోవాలి. ఆవిడ చెయ్యి గడియ మీదకి వెళ్లి ఆగుతుంది, కెమెరా ఆగినా పూర్తిగా ఆగదు, మోసే మనిషి ఊపిరితో సన్నగా ఊగుతూ ఉంటుంది, ఆ ఊగుడే ఇక్కడ కావాల్సింది. రిగ్ లేకపోతే కేజ్‌ని గుండెకి ఆనించి పట్టుకున్నా దగ్గరగా వస్తుంది.

కథ మారితే ఎంపిక కూడా మారుతుంది. అదే గల్లీలో అదే అమ్మాయి కలలో నడుస్తున్నట్టు అయితే మొత్తం గింబలే. వెనక ఎవరో ఫాలో అవుతున్న భయం అయితే ముందు నుంచి వెనక్కి నడుస్తూ చేత్తో ముఖం, మధ్యమధ్యలో దూరం నుంచి ట్రైపాడ్ మీద లాంగ్ లెన్స్, ఆ రెండో షాట్ చూస్తే అది ఎవరి చూపో అనే అనుమానం దానంతట అదే వస్తుంది.

ఎడిటింగ్‌లో కలిపేటప్పుడు ఒక సంగతి. ట్రైపాడ్ నుంచి చేతికి, చేతి నుంచి షోల్డర్‌కి కట్ చేస్తే కంటికి ఇబ్బంది ఉండదు. గింబల్ నుంచి చేతికి ఒకే నడక మధ్యలో కట్ చేస్తే మాత్రం రెండు వేరే సినిమాలు అతికించినట్టు ఉంటుంది, మధ్యలో ఏదైనా జరిగితే తప్ప, ఫోన్ మోగడమో, ఎవరో పిలవడమో, ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరగడమో.

ఇక బడ్జెట్‌లో ఒక్కటే తీసుకోగలిగితే అని అడిగేవాళ్లకి, షార్ట్ ఫిల్మ్‌లు తీసేవాళ్లయితే మంచి ఫ్లూయిడ్ హెడ్ ఉన్న ట్రైపాడ్ కొని, కేజ్, పై హ్యాండిల్ తీసుకోండి, గింబల్ కావాల్సిన రోజు అద్దెకి తెచ్చుకోవచ్చు, తెచ్చుకున్నా షూట్‌కి ముందురోజే మీ కెమెరా మీ లెన్స్ పెట్టి బ్యాలెన్స్ చేసి గింబల్ ఆర్మ్‌లు జారే పట్టాల మీద ఎక్కడ ఆగాయో మార్కర్‌తో గీత పెట్టుకోండి. పెళ్లిళ్లు తీసేవాళ్లయితే తిరగేసి, గింబల్ సొంతంగా ఉండాలి, ఎందుకంటే ఆ నడక చేతికీ కాలికీ అలవాటు అవ్వాలంటే అది ఇంట్లో ఉండి రోజూ పట్టుకోవాలి. షోల్డర్ రిగ్ మాత్రం ఇద్దరూ కొనేముందు ఒకరోజు అద్దెకి తెచ్చి మీ భుజం మీద గంటసేపు పెట్టుకుని చూడండి, ఒకరికి సరిపోయిన ప్యాడ్ ఇంకొకరికి మెడ పక్కన గుచ్చుకుంటుంది.